వంటమాస్టరుకి రాసే హెచ్చరిక

ముత్తుకూరు దాటి కృష్ణపట్నం పోర్టు వైపు వెళ్లే దారిలో లారీ డ్రైవర్లకూ, యార్డు కూలీలకూ, నూనె రిఫైనరీల్లో పనిచేసేవాళ్లకూ భోజనం పెట్టే మెస్సులున్నాయి. అలాంటి ఒక మెస్సు నడిపే పరిచయస్తుడు ఈ మధ్య ఒక కాగితం తెచ్చి చూపించాడు. ఉదయం 6 గంటలకు రావాల్సిన వంటమాస్టరు తరచూ ఆలస్యంగా వస్తున్నాడని, అతనికి ఇవ్వడానికి రాసుకున్న హెచ్చరిక లేఖ అది. అందులో ఉన్నది మూడే మాటలు: మీరు బాధ్యత లేకుండా ప్రవర్తిస్తున్నారు, ఎన్నిసార్లు చెప్పినా లెక్కచేయడం లేదు, ఇదే ఆఖరి అవకాశం.

కోపం ఉందిగానీ ఆ కాగితంలో విషయం లేదు. ఏ రోజు ఎంత ఆలస్యమైంది, దానివల్ల ఏం చెడింది, ఇకమీదట ఏం చేయాలి అన్నవి ఒక్కటీ లేవు. ‘బాధ్యత లేదు’ అన్నది మనిషి మీద తీర్పు. దాన్ని చదివిన మాస్టరు పౌరుషానికి పోయి మానేస్తాడు, లేదంటే మడిచి జేబులో పెట్టుకుని మర్చిపోతాడు. రేపు ఇదే గొడవ లేబరు ఆఫీసు దాకా పోయిందనుకోండి, అక్కడ ఈ కాగితం దేన్నీ రుజువు చేయదు. రాష్ట్రంలో దుకాణాలు, సంస్థల చట్టం 1988 నుంచి ఉంది. ఆరు నెలలు వరసగా పనిచేసిన మనిషిని సరైన కారణం లేకుండా తీసేయడానికి అది ఒప్పుకోదు. తీసేయాలంటే నెల ముందు రాతపూర్వకంగా నోటీసు గానీ, దానికి బదులు జీతం గానీ ఇవ్వాలంటుంది. ఆ కారణాన్ని చూపించాల్సింది యజమానే.

అసలు 6 గంటలన్న మాటకు అంత పట్టింపు ఎందుకో ముందు మాస్టరుకి తెలియాలి. నిజానికి అది అతనికే అందరికన్నా బాగా తెలుసు, అయినా కాగితం మీద ఉండాలి. నెల్లూరు చేపల పులుసు పొయ్యి మీంచి దించగానే వడ్డించేది కాదు. చింతపండు పులుపు, మామిడి ముక్క, మెంతుల ఘాటు చేపకు పట్టాలంటే గంటలు కూర్చోవాలి. ఇళ్లలో రాత్రి చేసి మర్నాడు తినేది అందుకే. ఈ మెస్సులో పదకొండున్నరకే మొదటి పంక్తి కూర్చుంటుంది. తెల్లవారుజామున ఐసులో వచ్చిన చేపను కడిగి, ఉప్పు పసుపు పట్టించి, పులుసు మరిగించి, ముక్కలు వేసి ఎనిమిదిన్నరకల్లా దించితేనే మూడు గంటలు నిలవ ఉంటుంది. మాస్టరు ఏడింటికి వస్తే ఆ గంట పులుసు నానే వేళలోంచే పోతుంది. వేగంగా కానిద్దామని మంట పెంచితే ముక్క విరుగుతుంది, గరిట పెట్టి కలిపితే పులుసంతా ముళ్లమయం. ముక్కకు పులుపు పట్టలేదని తినేవాళ్లు చెప్పేస్తారు. లేఖలో రాయాల్సిన నష్టం ఇదే. ‘క్రమశిక్షణ’ అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

హాజరు పుస్తకం తెమ్మన్నాను. అందులో మాస్టరు వచ్చిన వేళలున్నాయిగానీ హెల్పర్లవి, క్యాషియరువి లేవు. ఒక్కడి ఆలస్యమే రాసిన పుస్తకం కక్షతో రాసినట్టే కనిపిస్తుంది. ఆ రోజు నుంచే అందరూ వచ్చిన వేళ, వెళ్లిన వేళ రాసి సంతకం పెట్టడం మొదలైంది. ఇంకో సంగతీ బయటపడింది. ఆలస్యమైన రోజుల్లో రెండుసార్లు అరపూట జీతం కోసేశారు. అది కుదరదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం పనిలో లేని సమయం ఎంతో అంతకు తగ్గ జీతమే కోయాలి. నలభై నిమిషాలకు అరపూట కోస్తే అది జరిమానా కిందికి వస్తుంది. జరిమానాకు వేరే నియమాలున్నాయి: దేనికి వేస్తారో ముందే ప్రకటించి ఉండాలి, సంజాయిషీ అడగాలి, అది ఆ నెల జీతంలో నూటికి మూడు రూపాయలు దాటకూడదు. కోసినదాంట్లో ఎక్కువైనది తిరిగి ఇచ్చాకే లేఖ ఇమ్మన్నాను. తన లెక్క తప్పుగా ఉన్న యజమాని ఎదుటివాడి లెక్క తీస్తే ఆ మాట నిలవదు.

ఇద్దరం కూర్చుని రాసిన లేఖ ఇలా వచ్చింది:

‘మాస్టరు గారికి. మన మెస్సులో వంట మొదలయ్యే వేళ ఉదయం 6 గంటలు. హాజరు పుస్తకం ప్రకారం మీరు జూన్ 4న 6.45కి, 7న 6.50కి, 11న 7.05కి, 16న 6.40కి, 19న 7 గంటలకు, 25న 7.10కి వచ్చారు. ఈ ఆరు రోజులూ పులుసు తొమ్మిది దాటాకే దిగింది. 11న, 25న ముక్కకు పులుపు పట్టలేదని భోజనానికి వచ్చినవాళ్లు చెప్పారు. 12వ తేదీన ఈ విషయం మీతో నోటిమాటగా మాట్లాడాను. మీ వంట మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు; ఫిర్యాదు వచ్చే వేళ గురించే. జులై 1 నుంచి 6 గంటలకల్లా వంటింట్లో ఉండాలి. రాలేని రోజున ఐదున్నరలోపు నాకు ఫోన్ చేయాలి. నెల తర్వాత ఇద్దరం కూర్చుని పుస్తకం చూద్దాం. ఇలాగే సాగితే తదుపరి చర్య తీసుకోవాల్సి వస్తుంది. పై తేదీల్లో పొరపాటున్నా, ఆలస్యానికి కారణమున్నా ఏడు రోజుల్లో రాసి ఇవ్వండి. నోటితో చెప్పినా సరే, మేము రాసుకుని మీకు చదివి వినిపిస్తాం.’

కింద రెండు కాపీల మీదా ‘అందుకున్నాను’ అని సంతకం. ‘ఒప్పుకున్నాను’ అని రాయించుకునే అలవాటు కొందరికుంది. అది చాలా తప్పు. సంతకం కాగితం చేతికి అందినందుకే, నేరం ఒప్పుకున్నందుకు కాదు. ఆ తేడా మాస్టరుకి విడమరిచి చెప్పాలి. పెట్టనంటే బలవంతం వద్దు. చూసినవాళ్లెవరైనా సాక్షి సంతకం చేస్తారు, ఇంకో కాపీ ఇంటి అడ్రసుకు స్పీడ్ పోస్టులో పోతుంది. ఇచ్చే వేళ కూడా ముఖ్యమే. పొయ్యి దగ్గర, హెల్పర్లు వింటుండగా ఇస్తే ఆ మనిషి రేపటి నుంచి వాళ్లకు పని చెప్పలేడు. మూడు గంటలకు భోజనాలు అయిపోయాక, లోపలి గదిలో, కూర్చోబెట్టి చదివి వినిపించమన్నాను. మెస్సు వాట్సాప్ గ్రూపులో పెట్టే ఆలోచన మాత్రం మానిపించాను.

మాస్టరు మూడో రోజునే జవాబు చెప్పాడు. ‘అన్నా, ముందు రోజు రాత్రి నేను ఎన్నింటికి పోయానో కూడా చూడండి’ అన్నాడు. పోర్టులో పని రాత్రీ పగలూ ఉంటుంది; లారీలు ఎక్కువ వచ్చిన రాత్రుల్లో అతన్ని పదకొండున్నర దాకా ఉంచేస్తున్నారు. వెళ్లే వేళలు పుస్తకంలో లేవు కాబట్టి యజమాని రాత్రి బిల్లులు తీసి చూశాడు. జూన్ 3, 6, 10, 18 రాత్రులు ఆఖరి భోజనం బిల్లు పదకొండు దాటాకే పడింది. అంటే ఆరింటిలో నాలుగు ఆలస్యాలు మెస్సు తెచ్చిపెట్టినవే. మిగతా రెండింటికీ, 16కీ 25కీ, మాస్టరు దగ్గర కారణం లేదు. ఆ మాట అతనే అన్నాడు.

హెచ్చరిక రద్దు చేసేద్దామా అని యజమాని అడిగాడు. అక్కర్లేదన్నాను. రెండు ఆలస్యాలున్నాయి, నోటిమాటగా చెప్పింది 12న, ఆ రెండూ దాని తర్వాతవే. నాలుగు తేదీలు తీసేసి, ఎందుకు తీసేశారో ఒక వాక్యం రాసి, మాస్టరు జవాబును వెనక జతచేసి లేఖ మళ్లీ ఇచ్చారు. పాతది చించలేదు, కొట్టివేత గీసి, తేదీ వేసి అదే ఫైల్లో ఉంచారు. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత వంటింటి పని ఇప్పుడు రెండో మాస్టరుది. పెద్ద మాస్టరు రాత్రి ఉండాల్సి వస్తే మర్నాడు ఏడింటికి రావచ్చని, ఆ రోజు చేప కడిగి పులుసుకు చింతపండు నానబెట్టే పని ఆరింటికే హెల్పరు మొదలుపెట్టాలని కొత్త లేఖలో ఇంకో రెండు వరసలు చేరాయి.