ఏ ‘ఇక్కడ’ నొక్కాలి?

ఉద్యోగరీత్యా ఊళ్లు మారుతూ సూరత్ చేరిన మాకు ఒక సంగతి బాగా తెలుసు. కొత్త ఊళ్లో మొదటి వారం రోజులు మనిషికి కావలసింది సలహాలు కాదు, సమాచారం. ఏ బస్సు ఎక్కాలి, ఏ కాగితాలు తేవాలి, పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి అనేవే ప్రశ్నలు. అందుకే మా తెలుగు తరగతి పిల్లలు, మేము కలిసి ‘సూరత్‌కు కొత్తగా వచ్చారా?’ అని నాలుగు పేజీల కరపత్రం ఒకటి తయారుచేశాము. ఫోన్‌లో చదువుకునేది. అందులో ఏడు లింకులు పెట్టాము. చూడముచ్చటగా ఉందని అందరూ అన్నారు. మేమూ అనుకున్నాము.

జూలైలో విశాఖపట్నం నుంచి ఒక అమ్మాయి ఎనిమిదో తరగతిలో చేరింది. చూపు బాగా తక్కువ. తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో చదువుకుంటుంది. మా కరపత్రం అటువంటి కొత్తవాళ్ల కోసమే కదా అని ఇచ్చాము. ఆ అమ్మాయి కాసేపు విని, “మేడమ్, ఏ ‘ఇక్కడ’ నొక్కాలి?” అని అడిగింది.

మాకు అర్థం కాలేదు. అప్పుడు కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చుని తను ఎలా చదువుతుందో చూపించింది. వాడేది ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో Insert + F7 నొక్కితే పేజీలోని లింకులన్నీ ఒక జాబితాగా వస్తాయి. మనం పేజీని కళ్లతో పైనుంచి కిందికి ఒక్కసారి చూసి కావలసినచోట ఆగుతాం. కంటితో చూడలేనివారికి ఆ జాబితాయే ఆ చూపు. మా కరపత్రం జాబితాలో వినిపించింది ఇది: ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ, మరిన్ని వివరాలు, ఇక్కడ. ఏడు తలుపులున్న వరండాలో ఒక్క తలుపు మీదా పేరు లేనట్టు.

తప్పు మాదే. ‘బదిలీ సర్టిఫికెట్ నమూనా కోసం ఇక్కడ నొక్కండి’ అని రాసి, ‘ఇక్కడ’ అనే మాటకు లింకు పెట్టాము. దిద్దడానికి వాక్యం కొత్తగా రాయనక్కరలేదు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, వస్తువు పేరు ముందే ఉంటుంది. ఆ పేరుకే లింకు పెడితే చాలు. ‘బదిలీ సర్టిఫికెట్ నమూనా’ అన్న మూడు మాటలను ఎంచుకుని Ctrl + K నొక్కి చిరునామా ఇచ్చాము. ‘కోసం ఇక్కడ నొక్కండి’ అనే తోకను తీసేశాము.

మిగతావి దిద్దుతున్నప్పుడు పిల్లలు ఒక పరీక్ష కనిపెట్టారు. లింకు మాటలను మాత్రమే విడిగా ఒక కాగితం మీద రాసి, కరపత్రం చూడని స్నేహితుడి చేతికి ఇవ్వాలి. ఏది నొక్కితే ఏం వస్తుందో అతడు చెప్పగలిగితే మంచి లింకు. ‘సిటీ బస్సు మార్గాలు’ నెగ్గింది. కానీ అది తెరిస్తే వచ్చేది గుజరాతీ పట్టిక. గుజరాతీ ఇంకా రాని పిల్ల అక్కడిదాకా వెళ్లి వెనక్కి రావలసిందే. అందుకని ‘సిటీ బస్సు మార్గాలు, గుజరాతీలో, PDF’ అని మార్చాము. ఒకరు మరీ ఉత్సాహపడి రెండు వరుసల వాక్యం మొత్తానికి లింకు పెట్టారు. జాబితాలో అది విని ముగిసేసరికి మొదలు మరచిపోతాం. నాలుగైదు మాటలు చాలు. ఇంకొకరు వెబ్ చిరునామానే యథాతథంగా అతికించారు. దాన్ని సాఫ్ట్‌వేర్ అక్షరాలు, గీతలు, చుక్కలతో సహా చదవడం మొదలుపెట్టింది. అందరూ నవ్వారు గాని ఆ అమ్మాయి నవ్వలేదు. తనకది రోజూ ఉండేదే.

లింకులు అయ్యాక రంగుల సంగతి వచ్చింది. శీర్షికలు తెల్లని కాగితం మీద కాషాయం రంగులో, #FF9933తో రాశాము. కంప్యూటర్ మీద మెరిసిపోయాయి. బడి బస్సులో ఎండ పడుతుంటే ఫోన్‌లో ఎవరికీ కనబడలేదు, చూపు బాగున్నవాళ్లకు కూడా. ఇది కంటి లోపం కాదు, లెక్క. వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ దీనికి ఒక సూత్రం ఇచ్చింది. రెండు రంగుల వెలుగు విలువలను 0 నుంచి 1 వరకు కొలిచి, ఒక్కోదానికి 0.05 కలిపి, పెద్దదాన్ని చిన్నదానితో భాగించాలి.

```
(L1 + 0.05) / (L2 + 0.05)
```

తెలుపు విలువ 1, నలుపు విలువ 0. అంటే నలుపు తెలుపుల నిష్పత్తి 1.05ను 0.05తో భాగిస్తే 21. అంతకంటే ఎక్కువ ఉండదు. మా కాషాయం విలువ సుమారు 0.44. కాబట్టి 1.05ను 0.49తో భాగించాము. వచ్చింది 2.1. మామూలు అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు కనీసం 3 ఉండాలని ప్రమాణం. అంటే శీర్షికలకు పెట్టిన పెద్ద అక్షరాలు కూడా తప్పాయి. కింద చిన్న అక్షరాలలో రాసిన బూడిద రంగు గమనికలు, #999999, తెలుపు మీద 2.8 దగ్గర ఆగిపోయాయి.

పిల్లలకు కాషాయం వదులుకోవడం ఇష్టంలేదు. వదులుకోనక్కరలేదు కూడా. రంగును అక్షరం నుంచి తీసి వెనక పట్టీకి పెట్టాము, దాని మీద నల్లని అక్షరం రాశాము. అదే రంగు, అదే సూత్రం, నిష్పత్తి దాదాపు 9.9 వచ్చింది. గమనికలను #595959కు మార్చితే 7 అయింది. నీలం లింకుల కింద గీత ఉంచాము. రంగు ఒక్కటే గుర్తైతే, రంగుల తేడా తెలియని కళ్లకు లింకు మామూలు మాటలాగే కనబడుతుంది.

ఈ నిష్పత్తి అన్నీ చెప్పదు. ఫోటో మీద అక్షరాలు పెడితే ఒకచోట 10, పక్కన మేఘం దగ్గర 1.5 ఉండవచ్చు. అన్నిటికంటే వెలిసిన చోటే కొలవాలి. అక్షరం గీత సన్నగా ఉంటే లెక్కకు 4.5 వచ్చినా కంటికి అందదు. ఇక్కడ రింగ్ రోడ్డు బట్టల దుకాణాల్లో మన అమ్మలు చీరను దీపం కింద చూసి ఊరుకోరు, గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుతురులో చూస్తారు. మన పేజీనీ ఎండలోకి తీసుకెళ్లి చూడాలి.

ఇక అక్షరం. అసలు చిక్కు ఇక్కడే పడింది. కరపత్రంలో ఒక పేజీ ఒక పెద్దాయన డీటీపీలో చేసి ఇచ్చినది. కంటికి చక్కని తెలుగు. ఎన్‌వీడీఏ మాత్రం దాన్ని అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలుగా చదివింది. కారణం పాత పద్ధతి ఫాంటు. అందులో ఫైలు లోపల ఉండేవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలే. ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది, అంతే. యూనికోడ్‌లో 1991 నుంచి తెలుగుకు సొంత స్థానాలున్నాయి, U+0C00 నుంచి U+0C7F వరకు. అందులో ‘అ’ నిజంగా ‘అ’ గానే నిలుస్తుంది. తేడా తెలుసుకోవడం తేలిక. ఒక మాట కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగే వస్తే యూనికోడ్, పిచ్చి గుర్తులు వస్తే పాత ఫాంటు, అసలు మాట ఎంచుకోవడమే వీలుకాకపోతే అది బొమ్మ. ఆ పేజీని మళ్లీ టైపు చేయడానికి ముగ్గురు పిల్లలకు రెండు పీరియడ్లు పట్టింది.

చూపు ఉన్నవారికీ తెలుగు అక్షరం కొంత చోటు అడుగుతుంది. ‘పలం’, ‘ఫలం’ మధ్య తేడా ఒక చిన్న గీత. ‘దనం’, ‘ధనం’ మధ్య కూడా అంతే. అక్షరాన్ని చిన్నది చేసి బోల్డ్ పెడితే ఆ గీత చుట్టూ ఉన్న ఖాళీ పూడుకుపోతుంది. ‘రాష్ట్రీయ’ వంటి మాటకు పైన గుడిదీర్ఘం, కింద రెండు ఒత్తులు ఉంటాయి. వరుసలు దగ్గరైతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. అందుకని వరుసల ఎడం ఒకటిన్నర పెట్టాము. రెండు అంచులూ సమంగా చేయడం మానేశాము. మన పొడవైన మాటలతో ఫోన్ తెర మీద అలా చేస్తే మధ్యలో గుంతలు పడతాయి. పాఠానికి ‘మండలి’ ఫాంటు తీసుకున్నాము. వార్తాపత్రికల కోసం తయారై, ఉచితంగా దొరికేది. ‘రామభద్ర’ వంటి లావు ఫాంటును పెద్ద శీర్షికకే ఉంచాము.

దీనివల్ల లాభపడింది ఆ అమ్మాయి ఒక్కతే కాదు. మీలో చాలామంది ఒక ఊళ్లో తెలుగు రెండేళ్లు చదివి, మరో ఊళ్లో వదిలేసి, మళ్లీ ఇక్కడ అందుకున్నవారే. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివే మీకు ఒత్తు స్పష్టంగా కనిపించడం అలంకారం కాదు, అవసరం.

“మా తరగతిలో చూపులేనివారు ఎవరూ లేరు కదా, ఇంత శ్రమ ఎందుకు?” అని కొందరు అడుగుతారు. వేరే బడిలో ఈ ప్రశ్నకు విలువ ఉంటుందేమో. మన బడిలో హాజరుపట్టీ ఏటా మారుతుంది. వచ్చే జూలైలో ఎవరు ఏ బండి దిగుతారో ఎవరికీ తెలియదు. వచ్చాక దిద్దుదాం అంటే వచ్చినవారి మొదటి వారం మన దిద్దుబాటుకే సరిపోతుంది. కేంద్ర ప్రభుత్వం 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టం కూడా ఎలక్ట్రానిక్ సమాచారం అందరికీ అందాలనే అంటోంది.

చేతిరాతకు మేము మార్కులు వేస్తాము. తెర మీద రాతకు ఎందుకు వేయకూడదు? ఈ ఏడు నుంచి తెలుగు ప్రాజెక్టులను మేము మూడు చూపులతో దిద్దుతాము. మాట కాపీ అయి తెలుగుగానే నిలుస్తోందా, రంగు లెక్కకు నిలుస్తోందా, లింకు తన పేరు తానే చెబుతోందా అని చూస్తాము. బొమ్మగా తెచ్చిన పేజీని, ఎంత అందంగా ఉన్నా, తిరిగి ఇచ్చేస్తాము.

దిద్దిన కరపత్రాన్ని ఆ అమ్మాయికి మళ్లీ ఇచ్చాము. Insert + F7 నొక్కింది, మూడో లింకు దగ్గర ఆగి తెరిచింది. అది పుస్తకాల జాబితా. తర్వాత “రెండో పేజీలో ‘ఉధ్నా’ను ‘ఉద్నా’ అని రాశారు మేడమ్” అంది. ఆ ఒత్తును మేమెవరమూ గమనించలేదు. దిద్దాము.