ప్రింటర్ అడిగేవాళ్లు ప్యాటర్న్ గీసి అడగాలి
వారం వారం – పటకారు

"నేటి పోటీ ప్రపంచంలో త్రీడీ ప్రింటింగ్ ప్రాముఖ్యం తమకు తెలియనిది కాదు" అని మొదలైంది ఉత్తరం. రాసింది పాలిటెక్నిక్‌లో మెకానికల్ రెండో ఏడాది చదువుతున్న కుర్రాడు. ల్యాబ్‌కు చిన్న త్రీడీ ప్రింటర్ కొనడానికి నిధులు మంజూరు చేయమని ప్రిన్సిపాల్‌కు అర్జీ. ఇచ్చేముందు ఒకసారి చూసిపెట్టమని నా దగ్గరికి తెచ్చాడు. ఒకటిన్నర పేజీ నిండా ఉంది. నాలుగో పారిశ్రామిక విప్లవం ఉంది, మేకిన్ ఇండియా ఉంది, అంతరిక్షంలో రాకెట్ ఇంజన్లు కూడా ఉన్నాయి. ఆ ప్రింటర్ మీద తమ ల్యాబ్‌లో ఏం చేస్తారో మాత్రం లేదు.

"ఏం చేస్తారు బాబూ?" అన్నాను.

"మోడల్స్ చేస్తాం సార్."

"ఏ మోడల్స్?"

"గేర్లూ అవీ సార్..." అని ఆగిపోయాడు.

ప్రిన్సిపాల్ ఆగేదీ అక్కడే. ఆయన సంతకం పెట్టిన మరుక్షణం ఆ మిషన్ స్టాక్ రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. ఏటా వెరిఫికేషన్‌కు వచ్చినవాళ్లు "పనిచేస్తోందా?" అని అడుగుతారు. ఎవరో అడిగారని కొని, గుడ్డ కప్పి మూలన పెట్టిన మిషన్లు ఆయన కళ్లముందే ఉంటాయి. అందుకే ఆయన ఉత్తరంలో మొదట వెతికేది ప్రాముఖ్యాన్ని కాదు, పనిని. తర్వాత ఏటా అయ్యే ఖర్చుని, ఆ తర్వాత తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందన్నదాన్ని.

పనితో మొదలుపెడదాం. "మీకు ఫౌండ్రీ షాపు ఉందా?" అని అడిగాను. ఉందట. ఏటా అవే నాలుగైదు చెక్క ప్యాటర్న్‌లు. రెండు ముక్కల ప్యాటర్న్‌లకు డోవెల్ పిన్నులు అరిగిపోయి ముక్కలు సరిగా కూర్చోవు. విద్యార్థి మౌల్డింగ్ బాక్సులో ప్యాటర్న్ పెట్టి, ఇసుక పోసి, ర్యామర్‌తో దట్టించి, ప్యాటర్న్ లాగేసి, అచ్చు చూపించి మార్కులు వేయించుకుంటాడు. అంతా ఎవరో ఎప్పుడో చేసిపెట్టిన ఆకారంతోనే. ప్యాటర్న్ కొలతలు ఎలా వచ్చాయో పుస్తకంలో చదువుతాడు, పరీక్షలో రాస్తాడు, చేతితో మాత్రం ఎప్పుడూ చెయ్యడు. చెక్క ప్యాటర్న్ చెయ్యాలంటే మంచి వడ్రంగి కావాలి. ఆ పనితనం ఒక సెమిస్టర్‌లో వచ్చేది కాదు.

చిన్న ప్రింటర్ అవసరం ఇక్కడ ఉంది. ఒక ఉదాహరణ చేసి చూద్దాం. అల్యూమినియంతో గుండ్రటి బిళ్ల పోత పోయాలి. లేత్ మీద తిప్పి పూర్తిచేశాక దాని వ్యాసం 100 మి.మీ., మందం 20 మి.మీ. ఉండాలి. లేత్ మీద తీసెయ్యడానికి ప్రతి వైపూ 2 మి.మీ. వదలాలి కాబట్టి పోత వ్యాసం 104, మందం 24. కరిగిన అల్యూమినియం గట్టిపడి చల్లారేటప్పుడు మీటరుకు దాదాపు 13 మి.మీ. కుంచించుకుపోతుంది, అంటే నూటికి 1.3 వంతు. అది కూడా కలిపితే ప్యాటర్న్ వ్యాసం 105.4, మందం 24.3 మి.మీ. అవుతుంది. ఇసుక కదలకుండా ప్యాటర్న్ పైకి రావాలంటే పక్క గోడలకు రెండు డిగ్రీల వాలు ఇవ్వాలి. ఈ మందానికి అది ఒక్కో వైపు 0.85 మి.మీ. వస్తుంది. ఇదంతా ఫ్రీక్యాడ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కుర్రాడు తానే గీయగలడు. వాలు ఇవ్వడం మరిచిపోతే ప్యాటర్న్ లాగినప్పుడు అంచు ఇసుక దానితోపాటే ఊడివస్తుంది. లెక్చరర్ తిట్టనక్కర్లేదు, ఇసుకే చెబుతుంది.

"కరిగిన లోహం పోస్తే ప్లాస్టిక్ కరిగిపోదా సార్?" అన్నాడు. పోసేముందే ప్యాటర్న్ బయటికి తీసేస్తాం కదా! పీఎల్‌ఏ అనే ఈ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. వేడి భాగాలకు పనికిరాదు గానీ తడి ఇసుకలో ప్యాటర్న్‌గా దానికి ఏ ఇబ్బందీ లేదు. మే నెల ఎండలో బయట వదిలేస్తే మాత్రం వంకర పోతుంది.

ఇక ఖర్చు. అర్జీ పెట్టేవాళ్లలో చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. ప్రింటర్ కొనకముందే అది ఎంత ప్లాస్టిక్ తింటుందో తెలుసుకోవచ్చు. బొమ్మను పొరలుగా కోసి ప్రింటర్‌కు అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్‌ను స్లైసర్ అంటారు. క్యూరా, ప్రూసాస్లైసర్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. సొంత ల్యాప్‌టాప్‌లో బొమ్మ తెరిచి, పొర మందం 0.2 మి.మీ., లోపలి జల్లెడ 15 శాతం అని పెడితే, ఎన్ని గ్రాములో, ఎన్ని గంటలో అదే చూపిస్తుంది. మన బిళ్ల ఘనంగా అయితే 260 గ్రాములు దాటుతుంది. లోపల జల్లెడలా నింపితే సుమారు 70 గ్రాములు. పాతరకం మిషన్ మీద నాలుగైదు గంటలు, ఇప్పటి వేగం మిషన్ల మీద రెండు గంటల పని.

క్లాసులో 60 మంది, నలుగురికో ప్యాటర్న్ అనుకుంటే 15 ప్యాటర్న్‌లు. ఒక కిలోకు కాస్త ఎక్కువ ఫిలమెంట్. మొదటి ఏడాది చెడిపోయేవి ఎక్కువే ఉంటాయి కాబట్టి రెండు కిలోలు రాసుకోవాలి. కిలో వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతోంది. ఆ స్లైసర్ తెర ప్రింటవుట్ తీసి ఉత్తరానికి జతచేస్తే, ఒకటిన్నర పేజీ ప్రాముఖ్యం చెప్పలేనిది అది చెబుతుంది.

కొందరు పెద్దలకు త్రీడీ ప్రింటర్ అనగానే లక్షలు గుర్తొస్తాయి. ఒకప్పుడు నిజమే. ప్లాస్టిక్ తీగను కరిగించి పొర మీద పొర వేసే ఈ పద్ధతికి అమెరికాలో స్కాట్ క్రంప్ 1989లో పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు. ఆ పేటెంట్ గడువు 2009లో తీరింది. అంతకుముందే 2005లో ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బౌయర్, ఎవరైనా చూసి తయారుచేసుకునేలా డిజైన్లు బహిరంగంగా పెట్టే రెప్‌రాప్ పథకం మొదలుపెట్టాడు. ఇవాళ ల్యాబ్ బల్ల మీద పట్టే ప్రింటర్ 20 వేల నుంచి 40 వేల రూపాయల మధ్య వస్తోందంటే ఆ రెండూ పెద్ద కారణాలు.

అర్జీలో రాయకూడనివి కూడా ఉన్నాయి. "లేత్ విడిభాగాలు మనమే తయారుచేసుకోవచ్చు" అని కుర్రాడు రాశాడు. కొట్టేశాను. పొరల మధ్య పట్టు బలహీనంగా ఉంటుంది. నిలువుగా ప్రింట్ చేసిన కొక్కేన్ని లాగితే పొర వెంబడి నీటుగా తెగుతుంది. "యూటీఎంలో తన్యతా పరీక్ష చేస్తాం" అన్నదీ కొట్టేశాను. మన ల్యాబ్‌లలో సాధారణంగా ఉండే 40 టన్నుల మిషన్ స్టీలు కడ్డీల కోసం. వేలెడు వెడల్పు ప్లాస్టిక్ పట్టీ 200 కిలోల బరువు దగ్గరే తెగిపోతుంది. పెద్ద డయల్ మీద ముల్లు కదిలిందో లేదో తెలియదు. రెసిన్ ప్రింటర్ ఊసూ వద్దన్నాను. గట్టిపడని రెసిన్ చర్మానికి మంచిది కాదు. తొడుగులు, కడగడానికి ఆల్కహాల్, గాలి ఆడే గది, ఇవన్నీ చూసుకునేవాళ్లు కావాలి.

ప్రింటర్ ఆగిపోయే కారణాలు మన ల్యాబ్‌లలో చాలావరకు ముందే ఊహించవచ్చు. పీఎల్‌ఏ గాలిలో తేమ పీల్చుకుంటుంది. వానాకాలం, అందులోనూ కోస్తా ఊళ్లలో, రీలు విప్పి వదిలేస్తే వారాల్లో పాడవుతుంది. ప్రింట్ చేస్తుంటే నాజిల్ దగ్గర చిటపటమని శబ్దం వస్తుంది, వస్తువు నిండా సాలెగూడు పోగులు వేలాడతాయి. అప్పుడు మిషన్ చెడిపోయిందని కంపెనీకి ఫోన్ చేస్తారు. చెడింది రీలు. 45–50 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఆరబెట్టి, గాలి దూరని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచాలి. రెండోది సీలింగ్ ఫ్యాన్. సరిగ్గా మిషన్ నెత్తిన తిరుగుతుంటే వస్తువు అడుగు అంచులు లేచిపోతాయి, మొదటి పొరే పళ్లెం వదిలేస్తుంది. మిషన్‌ని మూలకు జరపడమే మందు, దానికి మంజూరు అక్కర్లేదు. మూడోది కరెంటు. పోయి వచ్చాక ఆపిన చోటి నుంచి కొనసాగించే ఏర్పాటు చాలా మిషన్లలో ఉంది గానీ, ఈలోగా పళ్లెం చల్లారితే వస్తువు ఊడిపోతుంది. కంప్యూటర్ యూపీఎస్ పెడితే కొద్ది నిమిషాల కోతలు గట్టెక్కుతాయి, గంట కోత గట్టెక్కదు.

ప్యాటర్న్‌కు ఇంకో పని మిగిలే ఉంటుంది. పొరల గీతలు ఇసుకను పట్టుకుంటాయి. రుద్ది నునుపు చెయ్యకుండా వాడితే అచ్చు గోడలు రాలిపోతాయి. పొడి గరుకు కాగితంతో గట్టిగా రుద్దితే రాపిడి వేడికి ప్లాస్టిక్ మెత్తబడి కాగితానికి అంటుకుంటుంది. అందుకే వాటర్ పేపర్ తడిపి రుద్దాలి. తర్వాత పల్చగా పుట్టీ, పైన వార్నిష్. ఇది కూడా ఉత్తరంలో ఒక వాక్యంగా రాయించాను. మీట నొక్కితే వస్తువు ఊడిపడుతుందనుకునే ప్రిన్సిపాల్ ఆర్నెల్లకే నిరాశపడతారు.

తిరగరాసిన ఉత్తరం ముప్పావు పేజీ అయింది. "ప్రిన్సిపాల్ గారికి, హెచ్‌ఓడీ గారి ద్వారా" అని పైన. ఫౌండ్రీ ప్రయోగానికి ప్యాటర్న్‌లు తయారుచేసుకోవడానికి చిన్న ప్రింటర్ కావాలని మొదటి వాక్యం. పద్దు ఇలా ఉంది: ప్రింటర్ 28,000, రెండు కిలోల ఫిలమెంట్ 2,500, విడి నాజిళ్లు, డబ్బా, వాటర్ పేపర్ కలిపి 1,500, యూపీఎస్ 3,500. మొత్తం 35,500 రూపాయలు, జీఎస్టీతో. కొటేషన్లు వచ్చాక అంకెలు కొంత మారతాయి. ఫిలమెంట్ ధర ముందు జాగ్రత్తగా కాస్త పెంచే వేశాం. వచ్చే ఏడాది నుంచి 4,000 నిర్వహణ ఖర్చు. బాధ్యత ఫౌండ్రీ షాపు ఇన్‌స్ట్రక్టర్‌ది, ఎవరు ఏ రోజు ఎన్ని గ్రాములు వాడారో రాసే లాగ్ పుస్తకం మిషన్ పక్కనే.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది ఆ నాలుగు వేలు. కొనుగోలుకు ఒకసారి డబ్బు దొరుకుతుంది. ఏటా ప్లాస్టిక్ రీలు కొనడానికే ఏ పద్దులోంచి తియ్యాలో తెలియక ఫైలు తిరుగుతుంది. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటం మన కాలేజీలకు పాత అలవాటు.

ప్రిన్సిపాళ్లకు నా మనవి ఒక్కటే. ఇలాంటి అర్జీ మీ బల్ల మీదికి వస్తే, స్లైసర్ కాగితం, బాధ్యుడి పేరు జత లేకపోతే తిప్పి పంపండి. రెండూ ఉంటే ప్రింటర్‌తోపాటు ఆ నాలుగు వేలను కూడా ల్యాబ్ వార్షిక పద్దులో చేర్చి సంతకం పెట్టండి. నాలుగు వేలకు చోటు లేదనుకుంటే 28 వేలు కూడా ఖర్చుపెట్టకండి.