అబద్ధం ఎంతవరకు? ప్రయోగాల్లో సమ్మతి, దాపరికం గురించి ఒక మాట



మన ఆసుపత్రికి వచ్చేవాళ్ళలో కొందరు అప్పుడప్పుడు ఒక ప్రశ్న అడుగుతుంటారు. "అయ్యా, మా చేత ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకుంటున్నారు, మా మీద ప్రయోగం చేస్తున్నారా?" అని. ఈ భయాన్ని నవ్వి తీసిపారేయకూడదు. దానికి కారణం మన పక్క జిల్లాలోనే జరిగింది.

2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుండి 14 ఏళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్.పి.వి. టీకా వేయడం మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. సుమారు 14 వేల మంది పిల్లలు అందులో ఉన్నారు. ఎక్కువమంది గిరిజన, పేద కుటుంబాలవాళ్ళు. చాలామంది హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ సంఘం తేల్చింది. కానీ సమ్మతి పత్రాలు తీసి చూస్తే వేరే సంగతి బయటపడింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలు. మరో 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది తల్లిదండ్రులు కాదు, హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో దీన్ని గట్టిగా తప్పు పట్టింది.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఆ టీకా చెడ్డదని మేము చెప్పడం లేదు. హెచ్.పి.వి. టీకా ఆ క్యాన్సర్ నుండి కాపాడుతుందని ఇప్పుడు ప్రపంచమంతా ఒప్పుకుంటోంది. మీ ఆడపిల్లల విషయంలో డాక్టరుగారిని అడగండి. మన బాధ టీకా గురించి కాదు, తల్లిదండ్రుల గురించి. ఇది ఒక అధ్యయనమని, ఇష్టం లేకపోతే వద్దనవచ్చని వాళ్ళకు ఎవరూ సరిగా చెప్పలేదు. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ గుర్తు పెట్టడం వల్ల మామూలు సర్కారు టీకాలాగానే కనిపించింది. వాళ్ళతో ఎవరో పెద్ద అబద్ధం ఆడారని కూడా చెప్పనక్కర లేదు. చెప్పవలసినది చెప్పకపోవడమే చాలు, మోసం అయిపోతుంది.

మరి ప్రయోగంలో ఎప్పుడూ ఏదీ దాచకూడదా? దీనికి "అవును" అని తొందరగా జవాబివ్వవచ్చు. విశ్వాసులమైన మనకు అలా అనడమే సులువు. అయినా ఒక ఉదాహరణ చూద్దాం.

2014లో ఢిల్లీలో ఒక అధ్యయనం జరిగింది. క్షయ వ్యాధి లక్షణాలతో వచ్చినవాళ్ళను ప్రైవేటు వైద్యులు ఎలా చూస్తున్నారో తెలుసుకోవాలనుకున్నారు. డాక్టరును నేరుగా అడిగితే "రెండు వారాల దగ్గు ఉంటే తెమడ పరీక్ష రాస్తాను" అని సరిగ్గానే చెబుతారు. కానీ చెప్పేది ఒకటి, గదిలో చేసేది ఒకటి కావచ్చు. పక్కన ఒకరు కూర్చుని చూస్తుంటే ఎవరైనా జాగ్రత్తగా చేస్తారు. అందుకని 17 మందికి శిక్షణ ఇచ్చి, రోగులలాగా నటించమని పంపించారు. దగ్గు, జ్వరం అని చెప్పుకుంటూ 100 మంది దగ్గరకు 250 సార్లు వెళ్ళారు. ఆ 100 మందిలో ఎం.బి.బి.ఎస్. చదివినవాళ్ళు, ఆయుర్వేదం, హోమియోవాళ్ళు, మన ఊళ్ళలో ఆర్.ఎం.పి. డాక్టరు అని పిలుచుకునేవాళ్ళలాంటివాళ్ళు కూడా ఉన్నారు. 250 సార్లలో 52 సార్లు మాత్రమే సరైన వైద్యం జరిగింది. అంటే అయిదింటిలో ఒకటి.  ఈ సంగతి నిజం చెప్పి అడిగితే తెలిసేది కాదు.

అయితే ఆ పని ఎలా చేశారన్నది ముఖ్యం. ఆ వైద్యుల దగ్గర ముందే సమ్మతి తీసుకున్నారు. ఏదో ఒక రోజు ఒక నటించే రోగి వస్తాడని వాళ్ళకు తెలుసు. ఏ రోజు, ఎవరు అన్నది మాత్రమే తెలియదు. వెళ్ళినవాళ్ళకు ఇంజెక్షన్లు, శరీరంలోకి సూది పోయే పరీక్షలు తప్పించుకోవడం నేర్పించారు. డాక్టరు అడిగిన ఫీజు కట్టారు. ఏ డాక్టరు పేరూ బయటపెట్టలేదు. అంటే దాచింది ఒక్కటే, "ఈ మనిషి నిజంగా రోగి కాదు" అన్న సంగతి. అధ్యయనం జరుగుతోందన్నది గానీ, వాళ్ళకు జరగగల నష్టాన్ని గానీ దాచలేదు.

ఖమ్మానికీ ఢిల్లీకీ మధ్య తేడా ఇదే. ఒకచోట మనిషి తాను అధ్యయనంలో ఉన్నానని తెలియకుండా ఉన్నాడు. ఇంకొకచోట తెలిసి ఉన్నాడు, ఏ క్షణాన అన్నది మాత్రం తెలియదు.

ఇలాంటి దాపరికాన్ని అనుమతించాలా వద్దా అని నిర్ణయించేది నైతిక కమిటీ. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఇందులో 7 నుండి 15 మంది ఉంటారు. అధ్యక్షులు ఆ సంస్థకు చెందనివారై ఉండాలి. డాక్టర్లతో పాటు న్యాయం తెలిసినవారు, సామాజిక శాస్త్రం తెలిసినవారు, ఏ వైద్య చదువూ లేని ఒక సామాన్య వ్యక్తి కూడా ఉండాలి. సామాన్య వ్యక్తి కేవలం పేరుకు కాదు. "మా పక్కింటావిడకు ఈ విషయం రేపు తెలిస్తే ఏమంటుంది?" అని అడగగలిగేది ఆయనే లేక ఆవిడే.

కమిటీ ముందుగా అడగవలసింది, దాచకుండా ఈ సంగతి తెలుసుకునే దారి లేదా అని. దారి ఉంటే దాపరికానికి అనుమతి లేదు. తరువాత అడగవలసింది, దాచిన సంగతిలో ప్రమాదం ఉందా అని. ఉంటే అక్కడికక్కడే ఆపాలి. ఏ మనిషి శరీరానికైనా, మనసుకైనా, పరువుకైనా మామూలు జీవితంలో ఉండే దానికంటే ఎక్కువ నష్టం వచ్చే అవకాశం ఉంటే, దాన్ని దాచి సమ్మతి తీసుకోవడం అసలు సమ్మతే కాదు. అమెరికాలో టస్కెగీ అనే చోట 1932 నుండి 1972 వరకు సిఫిలిస్ ఉన్న పేద నల్లజాతి పురుషులకు అసలు వైద్యం ఇవ్వకుండా, రోగం ఎలా ముదురుతుందో చూశారు. వెన్నులోంచి నీరు తీసే పరీక్షను ఉచిత ప్రత్యేక చికిత్స అని చెప్పి పిలిచారు. దాన్ని ఏ కమిటీ కూడా "చిన్న దాపరికం" అనకూడదు.

మూడవది, చివరకు నిజం చెబుతారా అన్నది. దీన్నే డీబ్రీఫింగ్ అంటారు. ఏమి దాచామో, ఎందుకు దాచామో కూర్చోబెట్టి విప్పి చెప్పడం అన్నమాట. మన దేశ మార్గదర్శకాలు దాపరికం ఉన్న అధ్యయనాలకు రెండు మెట్లు కోరుతున్నాయి. మొదట సమ్మతి, చివర ఈ విప్పి చెప్పడం. ఒక చిక్కు ఉంది. మొదటివాడికి వెంటనే చెబితే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది, మిగతావాళ్ళ దగ్గర పని జరగదు. అందుకని అందరి వంతూ అయ్యాక చెప్పడానికి కమిటీ ఒప్పుకోవచ్చు. కానీ ఆ తేదీని ముందే కాగితం మీద రాయించాలి. "తరువాత చెబుతాం" అన్న మాటకు తేదీ లేకపోతే ఆ మాట నెరవేరదు.

విప్పి చెప్పడం అంటే ఒక కరపత్రం చేతిలో పెట్టి పంపడం కాదు. చెప్పినది వాళ్ళ మాటల్లో తిరిగి చెప్పించుకోవాలి. కోపం వస్తే వినాలి. "నా సమాచారం వాడవద్దు" అంటే తీసివేయాలి. పేర్లు తీసేసి అందరి సమాచారం కలిపేశాక ఒక మనిషిది వెతికి తీయడం కుదరదు. అందుకే ఈ అవకాశం కలపడానికి ముందే ఇవ్వాలి.

ఆ తరువాత ముంబయి, పాట్నాల్లో జరిగిన ఇలాంటి పెద్ద అధ్యయనాల్లో వైద్యుల ముందస్తు సమ్మతి కూడా అక్కరలేదని కమిటీలు మినహాయింపు ఇచ్చాయి. వైద్యుడు రోజూ చేసే పనినే చూస్తున్నారు, పేరు బయటకు రాదు, ప్రజలకు మేలు పెద్దది, ముందే చెబితే సరిగా పనిచేయనివాళ్ళు తప్పుకుంటారు అన్నది వాళ్ళ వాదన. ఆ వాదనలో బలం ఉంది. అయినా నా మనసు ఢిల్లీ పద్ధతి వైపే మొగ్గుతుంది. ముందే "ఎవరో వస్తారు" అని చెప్పడానికి కొంత ఖర్చు, కొంత ఇబ్బంది అయినా, ఆ వైద్యుడితో తరువాత ముఖం చూసి మాట్లాడవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం నేను మెత్తబడలేను. వైద్యుడిని పరీక్షించడానికి చిన్న దాపరికం సరే. వైద్యం కోసం వచ్చిన రోగి మీద మాత్రం వద్దు. బలం ఉన్నవాడి పనిని చూడడం ఒకటి, పడక మీద ఉన్నవాడి నమ్మకాన్ని వాడుకోవడం మరొకటి. జ్వరంతో వచ్చిన తల్లి ఏ కాగితం ఇచ్చినా సంతకం పెడుతుంది. అంత నమ్మకం ఉన్నచోట దాచడానికి మనకు హక్కు లేదు.

ఇక మీకు ఒక మనవి. ఎవరైనా, మన ఆసుపత్రివారైనా సరే, అధ్యయనం అని కాగితం ఇస్తే మూడు మాటలు అడగండి. ఇది వైద్యమా, పరిశోధనా? వద్దంటే నా వైద్యం ఆగుతుందా? అయిపోయాక నాకు ఏమి చెబుతారు, ఎప్పుడు? చదవడం రాకపోతే వేలిముద్ర వేసే ముందు, ఆ అధ్యయనంతో సంబంధం లేని ఒక సాక్షిని పక్కన ఉంచమని అడగండి. అది మీ హక్కు. మీ పిల్లలు హాస్టల్‌లో ఉంటే, వార్డెన్ సంతకం మీ సంతకానికి బదులు కాదని ఒకసారి వార్డెన్‌గారికి మర్యాదగా చెప్పి రండి. ఖమ్మంలో ఆ 2,763 పత్రాల మీద లేనిది అదే.