షేకర్‌లో ఏం కలిపారు?

జిమ్‌లో చేరిన రెండు మూడు వారాలకల్లా చాలామంది కుర్రాళ్లు ఒకటే మాట అంటారు: "పౌడర్ నాకు పడలేదు." తాగిన గంటకల్లా పొట్ట బిగుసుకుపోతుంది, గ్యాస్ ఆగదు, పొద్దున్నే రెండు మూడుసార్లు విరేచనానికి పరుగెత్తాలి. ఇంట్లో పెద్దవాళ్లు "వేడి చేసింది, మానెయ్" అంటారు. జిమ్‌లో కోచ్ "ఇంకా మంచిది కొను, ఐసొలేట్ వాడు" అంటాడు. ఇద్దరి చూపూ డబ్బా మీదే. నేను మాత్రం ముందు షేకర్‌ చూడమంటాను. పొడిని దేనితో కలిపారు, ఒక్కసారికి ఎంత వేశారు, ఎంతసేపట్లో తాగారు అని అడిగితే, చాలామంది విషయంలో జవాబు అక్కడే దొరుకుతుంది.

మా అన్నయ్య కొడుకు సంగతే చెబుతాను. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి దగ్గర హాస్టల్‌లో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాడు, సాయంత్రాలు జిమ్‌కి వెళతాడు. "బాబాయ్, వే ప్రొటీన్ నాకు అరగడం లేదు. ఐసొలేట్ అయితే పడుతుందని కోచ్ అన్న చెప్పాడు, కానీ చాలా ఖరీదు. కొనమంటావా?" అని ఫోన్ చేశాడు. కొనే ముందు, పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా కడుపులోకి వెళ్లేవన్నీ గ్రాములతో సహా రాసి పంపమన్నాను.

సాయంత్రం వ్యాయామం అయ్యాక రెండు స్కూపుల వే కాన్సన్‌ట్రేట్‌ను 400 మిల్లీలీటర్ల ప్యాకెట్ పాలలో కలిపి తాగుతున్నాడు. పొద్దున పరగడుపున ఫ్రిజ్ నీళ్లలో రెండు చెంచాల క్రియాటిన్, అంటే సుమారు 10 గ్రాములు. అతను పంపిన కాగితంలో నాకు కావలసినవి ఈ రెండే. ఒక్కోదాన్నీ విడిగా చూడాలి, ఎందుకంటే రెండూ కడుపును పాడుచేసే తీరు వేరు.

ముందు పాల సంగతి. పాలలో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. దాన్ని విడగొట్టడానికి చిన్నపేగు గోడలో లాక్టేజ్ అనే ఎంజైమ్ ఉండాలి. పాలు తాగే వయసులో దాదాపు అందరికీ అది పుష్కలంగా ఉంటుంది. పెద్దయ్యాక చాలామందిలో తగ్గిపోతుంది. ఇది జబ్బు కాదు, మనిషి జాతిలో ఎక్కువమందికి సహజంగా జరిగేదే. మన దేశంలో ఉత్తరాది వాళ్లకన్నా దక్షిణాది వాళ్లలో ఇది ఎక్కువ. విడిపోని లాక్టోజ్ పేగులో నీటిని తనవైపు లాక్కుంటూ పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ కూడా తయారుచేస్తుంది. ఉబ్బరం, గడబిడ, గ్యాస్ ఆ వాయువుల వల్ల. పలచటి విరేచనం ఆ నీటి వల్ల.

ఇందులో పరిమాణానిదే ప్రధాన పాత్ర. లాక్టేజ్ తక్కువగా ఉన్నవాళ్లలో కూడా చాలామంది ఒక విడతలో 12 గ్రాముల దాకా లాక్టోజ్‌ను పెద్దగా ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. అంటే దాదాపు ఒక గ్లాసు పాలు. ఇప్పుడు మావాడి షేకర్ లెక్క కడదాం. పాలలో ప్రతి 100 మిల్లీలీటర్లకూ 5 గ్రాములకు కాస్త తక్కువ లాక్టోజ్ ఉంటుంది, కాబట్టి 400 మిల్లీలీటర్లకు సుమారు 19 గ్రాములు. అతని డబ్బా మీద ఒక్కో స్కూపుకు 3 గ్రాముల కార్బోహైడ్రేట్ అని ఉంది. అదంతా లాక్టోజే అనుకున్నా రెండు స్కూపులకు 6 గ్రాములు. మొత్తం 25. అందులో మూడు వంతులకు పైగా పాలదే, పౌడర్‌ది కాదు. లాక్టోజ్ పడుతుందో లేదో తేల్చడానికి ఆసుపత్రుల్లో ఊపిరిలో హైడ్రోజన్‌ను కొలిచే పరీక్ష చేస్తారు. దానికి తాగించే మోతాదు మామూలుగా 25 గ్రాములే. మావాడు రోజూ సాయంత్రం అంత లాక్టోజ్‌ను ఐదు నిమిషాల్లో కడుపులో పోసుకుంటున్నాడు.

"చిన్నప్పటి నుంచీ పాలు తాగుతూనే ఉన్నాను కదా బాబాయ్" అన్నాడు. చాలామందిని పక్కదారి పట్టించే మాట ఇదే. మన ఇళ్లలో పెద్దవాళ్లకు పాలు చేరేది ఎక్కువగా కాఫీ, టీలలో, అదీ కప్పుకు కొద్దిగా. మిగతాది పెరుగు, మజ్జిగ. తోడుకున్నప్పుడు లాక్టోజ్ కొంత తగ్గుతుంది. పెరుగులోని బ్యాక్టీరియా మిగిలినదాన్ని పేగులో విడగొట్టడానికీ సాయపడుతుంది. అందుకే పాలు పడని మనిషి కూడా రెండుపూటలా పెరుగన్నం తిని హాయిగా ఉంటాడు, తనకు పాలు పడవన్న సంగతి తెలియకుండానే. పెద్దయ్యాక తొలిసారి అర లీటరుకు దగ్గరగా పచ్చిపాలో కాచిన పాలో గటగటా తాగేది జిమ్‌లో చేరాకే. అప్పుడు నింద పక్కనున్న కొత్త వస్తువు మీద, అంటే పౌడర్ మీద పడుతుంది.

వారం రోజులు పాలు మానేసి, అదే పౌడర్‌ను నీళ్లలో కలుపుకోమన్నాను. డబ్బా మార్చవద్దని, ఇంకేదీ మార్చవద్దని గట్టిగా చెప్పాను. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. నాలుగో రోజుకి సాయంత్రం ఉబ్బరం పోయింది. ఐసొలేట్‌లో లాక్టోజ్ దాదాపు ఉండదు, నిజమే. స్కూపులోని రెండు మూడు గ్రాములు కూడా పడని కొద్దిమందికి అది అవసరం. కానీ ఐసొలేట్ కొని పాలలో కలుపుకుంటే పెట్టిన డబ్బు వృథా. గెయినర్ల సంగతి ఇంకోలా ఉంటుంది. వాటిలో ఒక విడత మోతాదే వంద గ్రాములు దాటుతుంది, కొన్నిటిలో పాలపొడి కూడా కలుపుతారు. వెన్న తీసిన పాలపొడిలో దాదాపు సగం లాక్టోజే. అక్కడ డబ్బాను అనుమానించడం సబబే.

మావాడికి సాయంత్రం గొడవ తీరింది కానీ పొద్దునది తీరలేదు. టిఫిన్ లోపే ఒకటి రెండుసార్లు నీళ్లలాంటి విరేచనం అవుతూనే ఉంది. గ్యాస్ మాత్రం లేదు. ఆ తేడా చాలు, ఇక్కడ కారణం వేరని చెప్పడానికి. పులిసే పదార్థమైతే గ్యాస్ వస్తుంది. నీటిని పట్టి ఉంచేదైతే నీళ్లే వస్తాయి.

క్రియాటిన్ మోనోహైడ్రేట్ నీళ్లలో అంత సులభంగా కరగదు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో కరిగేది సుమారు 14 గ్రాములు. ఫ్రిజ్‌లో నుంచి తీసిన నీటిలో 6 గ్రాములే. మావాడి గ్లాసులో 300 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లున్నాయి, అందులో రెండు గ్రాములైనా కరగలేదు. మిగతా ఎనిమిది గ్రాములు తెల్లటి ఇసుకలా అడుగున పేరుకుంటే, మరికాస్త నీళ్లు పోసి తిప్పి మింగేస్తున్నాడు. పరగడుపున అంతా ఒక్కసారిగా చిన్నపేగులోకి దిగితే, పేగు గోడ దాన్ని లోపలికి తీసుకునే వేగానికి హద్దు ఉంది. మిగిలిపోయింది పేగులోనే నీటిని పట్టి ఉంచి కిందికి జారుతుంది.

దీనికి మంచి ఆధారం ఉంది. 2008లో సెర్బియా పరిశోధకులు 59 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. కొందరికి 10 గ్రాముల క్రియాటిన్ ఒకేసారి, కొందరికి 5 గ్రాముల చొప్పున రెండుసార్లు, కొందరికి ఉత్తుత్తి పొడి, 28 రోజుల పాటు ఇచ్చారు. ఒకేసారి 10 గ్రాములు తీసుకున్నవాళ్లలో సగానికి పైగా, 55.6 శాతం మందికి విరేచనాలయ్యాయి. అదే 10 గ్రాములను రెండుగా చేసుకున్నవాళ్లలో 28.6 శాతం మందికే. ఉత్తుత్తి పొడి తీసుకున్నవాళ్లలో 35 శాతం మందికి అయ్యాయన్న సంగతి కూడా నాకు ముఖ్యమే అనిపిస్తుంది. గట్టిగా శ్రమించేటప్పుడు రక్తం కండరాలకు మళ్లి పేగులకు తగ్గుతుంది, కడుపు దానంతటదే చెడవచ్చు. జిమ్‌కి వెళ్లేవాడి ప్రతి విరేచనానికీ డబ్బా బాధ్యత వహించదు.

మావాడికి రెండు చెంచాలు ఎవరు చెప్పారంటే, "లోడింగ్ చెయ్యాలి కదా" అన్నాడు. లోడింగ్ అంటే ఐదారు రోజులు రోజుకు 20 గ్రాములు. పరిశోధకులు రాసిన పద్ధతిలో అది నాలుగు విడతలుగా, 5 గ్రాముల చొప్పున. జిమ్‌కి చేరేసరికి విడతలు పోయి మొత్తమే మిగిలింది. నిజానికి లోడింగ్ లేకపోయినా నష్టం లేదు. రోజుకు 3 గ్రాములు వేసుకున్నా సుమారు నాలుగు వారాల్లో కండరాల్లో నిల్వ అదే స్థాయికి చేరుతుందని 1996లోనే చూపించారు. మోతాదును సగానికి పైగా తగ్గించి, మధ్యాహ్నం భోజనంతో పాటు మామూలు నీళ్లలో, అడుగున రవ్వ కనిపించకుండా కరిగేదాకా కలిపి తాగమన్నాను. పొద్దున పరుగు ఆగింది.

మొదటి వారాల్లో కిలో, రెండు కిలోల బరువు పెరిగి దాన్ని కూడా "ఉబ్బరం" అనేవాళ్లున్నారు. అది క్రియాటిన్‌తో కండరాల్లోకి చేరిన నీరు. పొట్టలో బిగుతు, చప్పుడు, గ్యాస్ ఏవీ ఉండవు. దాన్ని చూసి జీర్ణానికి మాత్రలు మింగడం అనవసరం.

పాలూ లేవు, క్రియాటిన్ కూడా కొంచెమే, అయినా ఇబ్బంది ఉంటే డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవాలి. ఇనులిన్ అనే పీచు కలిపితే అది పెద్దపేగులో బాగా పులుస్తుంది. ప్రొటీన్ బార్లలో తీపి కోసం వేసే మాల్టిటాల్, సార్బిటాల్ కూడా లాక్టోజ్ లాగే నీటినీ లాగుతాయి, గ్యాసూ చేస్తాయి. షేకర్‌ను గట్టిగా ఊపి నురగతో సహా ఒక్క గుక్కలో తాగేవాళ్లకు తేన్పులు వచ్చేది మింగిన గాలి వల్లే. పది నిమిషాలు పక్కన పెట్టి నురగ దిగాక తాగితే పోతుంది.

లేబుల్ మీద పెట్టుకున్న ఈ లెక్కలన్నిటికీ ఒక హద్దు ఉంది. మన మార్కెట్‌లోని 36 ప్రొటీన్ పౌడర్లను పరీక్షించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 70 శాతం డబ్బాల్లో ప్రొటీన్ లెక్క లేబుల్‌కు సరిపోలేదు. లేబుల్ ప్రకారం లాక్టోజ్ నామమాత్రమే ఉన్న ఐసొలేట్‌ను నీళ్లలో కలిపి తాగినా పొట్ట అదే పనిగా ఉబ్బుతుంటే, లోపల మరేదో ఉందని అనుమానించి ఆ డబ్బాను పక్కన పెట్టడమే మంచిది.

పౌడరూ క్రియాటినూ రెండూ పూర్తిగా మానేసి రెండు వారాలైనా విరేచనాలు ఆగకపోతే కారణం షేకర్‌లో లేదు, డాక్టర్‌కు చూపించుకోవాలి. రక్తం పడినా, రాత్రి నిద్రలోంచి లేచి వెళ్లాల్సి వచ్చినా, ప్రయత్నించకుండానే బరువు తగ్గుతున్నా, జ్వరం ఉన్నా ఆ రెండు వారాలు కూడా ఆగకూడదు. తాగిన కాసేపటికే ఒంటి మీద దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే అది లాక్టోజ్ సంగతి కాదు. పాల ప్రొటీన్‌కు అలర్జీ అయి ఉండవచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అలర్జీ అని తేలితే వే ఏ రకమైనా, ఎంత ఖరీదైనా వాడకూడదు.