గుడ్డు పడకపోయినా ఫ్లూ టీకా వేయాల్సిందే

‘‘పాపకు గుడ్డు పడదా? అయితే ఈ టీకా వద్దులెండి.’’ పిల్లల క్లినిక్కుల్లో ఇప్పటికీ వినిపిస్తున్న మాట ఇది. ఈ మాట నమ్మి వెనుదిరిగే తల్లిదండ్రులను తప్పుపట్టలేం. అలా తిప్పి పంపడం మాత్రం ఇక ఆగాలి. గుడ్డు అలర్జీ ఫ్లూ టీకాకు అడ్డంకి కాదు.

ఈ భయం ఊరికే పుట్టలేదు. ఫ్లూ టీకాల్లో అత్యధికం కోడిగుడ్లలో వైరస్‌ను పెంచి తయారుచేసేవే. ఆ వైరస్‌ను చంపి శుద్ధి చేశాక కూడా గుడ్డు ప్రొటీన్ ఆనవాళ్లు మిగులుతాయి. అవి ఎంతంటే, అర మిల్లీలీటరు డోసులో సాధారణంగా ఒక మైక్రోగ్రాముకన్నా తక్కువ. మామూలు గుడ్డు ఒకటి తింటే ఒంట్లోకి వెళ్లే ప్రొటీన్ దాదాపు 6 గ్రాములు. ఒక మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల్లో ఒక వంతు. గుడ్డు తిని ప్రాణం మీదికి తెచ్చుకున్నవారికి సైతం ఈ టీకా వేసి గమనించిన తర్వాతే, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2023లో ప్రత్యేక జాగ్రత్తలన్నీ ఎత్తేసింది. గుడ్డు పడనివారికీ అందరిలాగే వేయొచ్చని తేల్చింది. అయినా కొన్ని టీకాల పెట్టెలో ఉండే కాగితం మీద గుడ్డు గురించిన పాత హెచ్చరిక అలాగే ఉంది. వైద్యులు జంకేది ఆ కాగితం చూసే. అయితే ఈ సడలింపు ఫ్లూ టీకాకే. ఆఫ్రికా ప్రయాణాలకు అడిగే యెల్లో ఫీవర్ టీకా విషయంలో గుడ్డు అలర్జీని వైద్యులకు చెప్పి తీరాలి.

మరి ఎవరు దూరంగా ఉండాలి? గతంలో ఫ్లూ టీకాకే తీవ్రమైన అలర్జీ వచ్చినవారు మళ్లీ వేయించుకోకూడదు. ఆరు నెలల్లోపు పసికందులకు వేయరు. టీకా తర్వాత ఆరు వారాల్లోపు గిలాన్ బారీ సిండ్రోమ్ వచ్చిన చరిత్ర ఉంటే వైద్యులు ఆచితూచి నిర్ణయించాలి. జ్వరం తీవ్రంగా ఉంటే తగ్గేదాకా ఆగాలి. ముక్కులో కొట్టే టీకా వేరు. అందులో బతికున్న, బలహీనపరచిన వైరస్ ఉంటుంది కాబట్టి గర్భిణులకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి అది పనికిరాదు. సూది టీకాను గర్భిణులు ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు.

సూది వేసిన చోట నొప్పి, ఒళ్లు నొప్పులు, కొద్దిపాటి జ్వరం ఒకటి రెండు రోజులు ఉంటాయి. ‘టీకా వేయించుకున్నాకే ఫ్లూ వచ్చింది’ అనేవారు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. సూదిలో ఉన్నది చచ్చిన వైరస్, దానివల్ల ఫ్లూ రాదు. రక్షణ ఏర్పడటానికి రెండు వారాలు పడుతుంది. ఆలోగా బయటి వైరస్ సోకవచ్చు. అసలు భయపడాల్సిన అలర్జీ చాలా అరుదు. వస్తే ఎక్కువగా నిమిషాల్లోనే తెలుస్తుంది: దద్దుర్లు, పెదవుల వాపు, పిల్లికూతలు, కళ్లు తిరగడం. అందుకే గుడ్డు పడినా పడకపోయినా పావుగంట అక్కడే కూర్చోవాలి. అడ్రినలిన్ సిద్ధంగా లేని చోట ఏ టీకా కూడా వేయించుకోవద్దు.

ఎప్పుడు వేయించాలన్నది రెండో చిక్కు. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో అక్టోబరులో ఫోన్ చేసి ‘అమ్మా, ఫ్లూ షాట్ తీసుకో’ అంటారు. అది వాళ్ల చలికాలం లెక్క. మనకు ఫ్లూ వానలతో పాటే విజృంభిస్తుంది, మళ్లీ జనవరి నుంచి మార్చి దాకా తల ఎత్తుతుంది. నెలలు గడిచేకొద్దీ టీకా బలం తగ్గుతుంది కాబట్టి అక్టోబరులో వేయించుకున్నది మరుసటి జులైకి అంతగా అక్కరకు రాదు. అందుకే మనం వేయించుకోవాల్సింది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా సెప్టెంబరులో సూచించే దక్షిణార్ధగోళం టీకా. అది మనకు వేసవికల్లా వస్తుంది. పెట్టెపై ఆ పేరు, ఆ ఏడాది ఉన్నాయో లేదో చూసుకోవాలి. గడువు తీరకపోయినా నిరుటి సరుకు వద్దు.

మొదట చెప్పిన, గుడ్డు పడని పాపకు మూడేళ్లు అనుకుందాం. తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారి వేస్తే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి. ఏప్రిల్ మధ్యలో మొదటిది, మే మధ్యలో రెండోది వేయిస్తే, జూన్‌లో బడి తెరిచి వానలు మొదలయ్యేసరికి పాప సిద్ధంగా ఉంటుంది. ఆ అదను దాటిపోతే మానేయకండి, దొరికిన వెంటనే వేయించండి.

ఫ్లూ టీకా సార్వత్రిక టీకాల జాబితాలో లేదు కాబట్టి కొనగలిగినవారికే అందుతోంది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ముందుగా గర్భిణులకు, వృద్ధులకు, ఉబ్బసం, మధుమేహం ఉన్నవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దీన్ని ఉచితంగా ఇవ్వాలి. అదీ ఏటా మే నెలాఖరులోపే ఇవ్వాలి.