బొమ్మలో ఉన్నదీ, బొమ్మలో లేనిదీ

పోయిన నెల మా ఇంట్లో జరిగిన సంగతి రాస్తున్నాను. ఇంట్లో చదువుకున్న పిల్లలుండే వాళ్ళు కొంచెం నిదానంగా చదవండి.

మా మనవరాలు పీయూసీ పాసయి ఇంట్లో ఉంది. ఒకరోజు సాయంత్రం ఫోను తెచ్చి, "తాతా, ఇది చూడు, కోలారులో రైల్వే గ్రూప్ డి కోచింగుకు కొత్త బ్యాచ్ వేస్తా ఉండారు" అనింది. చూస్తే ఒకటి కాదు, ఆరు బొమ్మలు. వేలితో పక్కకు తోస్తే ఒకటి పోయి ఇంకొకటి వస్తుంది. మొదటిదాంట్లో రైలింజను, దాని పక్కన "ఉద్యోగం గ్యారంటీ" అని పెద్ద అక్షరాలు. చివరిదాంట్లో "పది సీట్లే ఉన్నాయి, ఆదివారమే ఆఖరు" అని ఎర్ర అక్షరాలు. నడిమి నాలుగింట్లో టైము, సబ్జెక్టులు, ఫీజు, చేరే పద్ధతి.

పాప అప్పుడే అయిదు నూర్లు కట్టేద్దామని తొందరపడింది. నేను ఆగమన్నాను. ఎందుకంటే ఒకసారి కాల్చుకున్నోణ్ణి. 2001 ఫిబ్రవరిలో ఇక్కడ బంగారు గనులు మూతపడినాక, ఏ ఇంట్లో చూసినా మొగపిల్లలు ఏదో ఒక పరీక్షకు చదువుకోవాలని తిరుగుతా ఉండిరి. మా పెద్దోణ్ణి ఒక సెంటరులో చేర్పించి, మిల్లులో అప్పు తీసి మొత్తం దుడ్లు ఒకేసారి కట్టినాను. అయిదు వారాలు నడిపి తాళం వేసుకుని పోయినారు. చేతిలో రసీదు కూడా లేదు, చిన్న చీటీ మీద బాల్‌పెన్నుతో రాసిన అంకె ఒకటే ఉండె. వాడు మళ్ళీ పరీక్షల మాట ఎత్తలేదు.

అందుకని ఈసారి మా వీధిలో రిటైరైన మేష్టరు దగ్గర కూర్చుని ఆ బొమ్మలు ఒక్కొక్కటీ చదివించుకున్నాను. ఆయన మొదటి బొమ్మనూ ఆఖరి బొమ్మనూ ముందే పక్కన పెట్టేసినాడు. ఉద్యోగం గ్యారంటీ అని చెప్పకూడదనీ, సీట్లు అయిపోతున్నాయని అబద్ధంగా తొందర పెట్టకూడదనీ 2024 నవంబరులో కేంద్రంలోని వినియోగదారుల రక్షణ సంస్థ కోచింగు సెంటర్లకు రూలు పెట్టిందంట. ఆ మాట ఉందంటే మిగతా బొమ్మలు ఇంకా జాగ్రత్తగా చూడాలని అర్థం, అంతే అన్నాడు.

రెండో బొమ్మలో టైము. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర, సోమవారం నుంచి శనివారం దాకా, నాలుగు నెలలు. మేముండేది ఆండర్సన్‌పేట. కోలారు నుంచి రాత్రి ఎనిమిదిన్నరకు బయటపడి బస్టాండుకు నడిచి, బస్సెక్కి, రాబర్ట్‌సన్‌పేటలో దిగి ఇల్లు చేరాలి. శక్తి పథకం కింద ఆడవాళ్ళకు టికెట్టు లేదు కదా అని పాప అనింది. నిజమే, 2023 జూన్ నుంచి ఉంది. కానీ అది సర్కారు బస్సులోనే. రాత్రిపూట ముందుగా ప్రైవేటు బస్సు వస్తే డబ్బులివ్వాల, లేదంటే సర్కారు బస్సు కోసం చీకట్లో నిలబడాల. నేను మారికుప్పం బండిలో బెంగళూరు మిల్లుకు పోయివచ్చినోణ్ణి. క్లాసు ఎన్ని గంటలని కాదు, ఇల్లు విడిచి ఎన్ని గంటలని లెక్క వెయ్యాల. మొగోళ్ళు కూడా ఈ లెక్క మరిచిపోతారు.

మూడో బొమ్మ దగ్గర మేష్టరు ఎక్కువసేపు ఆగినాడు. వారంలో మూడు రోజులు లెక్కలు, రెండు రోజులు రీజనింగు, ఒక రోజు జనరల్ నాలెడ్జి అని ఉంది. ఆయన కాగితం తీసి పరీక్ష ఎట్లా ఉంటుందో రాసినాడు. మొత్తం నూరు ప్రశ్నలు, తొంభై నిమిషాలు. లెక్కలు 25, రీజనింగు 30, సైన్సు 25, జనరల్ నాలెడ్జి 20. ఇప్పుడు ఆ బొమ్మ చూడండి. సైన్సు అసలు లేదు! నూటికి ఇరవై అయిదు ప్రశ్నలు చెప్పకుండా వదిలేసినారు. మిల్లులో నూలు కోను పైపైన చూస్తే బాగానే ఉంటుంది, విప్పితే కదా నడిమధ్య తెగింది తెలిసేది. ఇదీ అట్లే.

ఇంకోటి కూడా లేదు. ఈ ఉద్యోగానికి రాతపరీక్ష తరవాత శరీర పరీక్ష ఉంది. ఆడపిల్లలైతే ఇరవై కేజీల బరువు మోసుకుని, నడిమధ్య కింద పెట్టకుండా, నూరు మీటర్లు రెండు నిమిషాల్లో పోవాల. వెయ్యి మీటర్లు అయిదు నిమిషాల నలభై సెకండ్లలో పరుగెత్తాల. రెండిటికీ ఒక్కటే అవకాశం. మొగపిల్లలకు బరువు ముప్పై అయిదు కేజీలు, పరుగు నాలుగు నిమిషాల పదిహేను సెకండ్లు. నాలుగు నెలలు కుర్చీలో కూర్చుని చదివి, ఆ రోజు మైదానంలో పడిపోతే చదివింది ఏం కాను?

పరీక్ష తెలుగులోనో కన్నడలోనో రాసుకోవచ్చు. మా పాప చదివింది కన్నడ మీడియం. సెంటరులో ఏ భాషలో చెప్తారో బొమ్మలో లేదు. అది అడగాల అని రాసుకున్నాము.

నాలుగో బొమ్మ ఫీజు. 12,000 అని రాసి అడ్డంగా గీత కొట్టి, కింద 9,000 అని పెద్దగా వేసినారు. మూడు వేలు మిగిలినట్టే కదా అనిపిస్తుంది. కానీ అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఇంకా మూడు మాటలున్నాయి. జీఎస్టీ అదనం, పుస్తకాలు 1,200, రిజిస్ట్రేషను 500 తిరిగి ఇవ్వబడదు. కోచింగు మీద జీఎస్టీ నూటికి 18. తొమ్మిది వేలకు 1,620 అవుతుంది. అన్నీ కూడితే 12,320 వచ్చింది. గీత కొట్టిన పాత రేటుకంటే కొత్త రేటే ఎక్కువ!

మరుసటి రోజు నేనూ పాపా కోలారు పోయినాము. ఆఫీసులో ఉన్న పిల్లోడు మర్యాదగానే మాట్లాడినాడు. మీ జీఎస్టీ నంబరు ఎంత నాయనా, రసీదులో వేస్తారా అని అడిగినాను. మన రాష్ట్రం నంబరైతే 29తో మొదలవుతుందని మేష్టరు చెప్పి పంపినాడు. ఆ పిల్లోడు లోపలికి పోయి వచ్చి, మాకింకా నంబరు లేదు తాతా అన్నాడు. చిన్న సెంటర్లకు, ఏడాదికి ఇరవై లక్షల లోపు రాబడి ఉండేవాళ్ళకు, నంబరు తీసుకోవాలనే రూలు లేదు. అది తప్పు కాదు. కానీ నంబరు లేనివాళ్ళు జీఎస్టీ పేరుతో ఒక్క రూపాయి కూడా వసూలు చెయ్యకూడదు. ఈ మాట చెప్పినాక 1,620 తీసేసినారు. గొడవ పడలేదు, గట్టిగా కూడా అరవలేదు.

తరవాత డబ్బు వాపసు సంగతి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ పంపిన మార్గదర్శకాల్లో, మొత్తం ఫీజు కట్టిన పిల్లలు నడిమధ్యలో మానేస్తే మిగిలిన రోజుల డబ్బు పది రోజుల్లోపల వాపసు ఇవ్వాలని ఉంది. నాలుగు నెలలకు తొమ్మిది వేలు కట్టి ఒక నెలకు మానేస్తే, 6,750 రావాల. పుస్తకాలకు వేరే డబ్బు తీసుకోకూడదని కూడా అందులో ఉంది. అయితే ఒక మాట. అది యాభైమందికంటే ఎక్కువ పిల్లలుండే సెంటర్లకు, పైగా రాష్ట్రాలు అమలు చెయ్యాలని పంపిన కాగితం. దాన్ని చూపించి అడగొచ్చు గానీ, డబ్బులు చేజారినాక దాన్ని పట్టుకుని తిరగడం మనలాంటోళ్ళకు కష్టం. అందుకే నేను ఒకేసారి కట్టనన్నాను. నెలకు 2,250 చొప్పున ఏ నెలది ఆ నెల కడతానన్నాను. వాళ్ళు రెండు కంతులు చెయ్యమన్నారు. చివరికి నా మాటకే ఒప్పుకున్నారు, కానీ రిజిస్ట్రేషను అయిదు నూర్లు మాత్రం వదల్లేదు. పుస్తకాలు తీసుకోవాల్సిందేనా అంటే, మీ ఇష్టం అన్నారు. సైన్సు ప్రశ్నలు పదో తరగతి లెవెలే కాబట్టి పాప తన పాత పుస్తకమే దులిపి పెట్టుకుంది.

సైన్సు ఎందుకు లేదంటే, చెప్పే అయ్యవారు దొరకలేదంట. రెండో నెల నుంచి పెడతామన్నారు. సరే, అదే మాట రసీదు వెనక రాసి సంతకం పెట్టండి అన్నాను. నవ్వినారు, కానీ రాసిచ్చినారు. పాఠం కన్నడలోనే చెప్తారంట. ఆడపిల్లలను ఎనిమిదింపావుకు వదులుతామన్నారు. మా వీధిలోంచి ఇంకో అమ్మాయి కూడా చేరింది, ఇద్దరూ కలిసి వస్తారు.

అయిదో బొమ్మ గురించి చెప్పి ముగిస్తాను. అందులో చదరంగా చుక్కల బొమ్మ, దాన్ని స్కాన్ చేసి 500 కట్టి, ఆధార్ ఫోటో వాట్సాపులో పంపమని ఉంది. ఇంట్లో ఉన్నప్పుడే పాప స్కాన్ చేసి చూసింది. సెంటరు పేరు రాలేదు, ఎవరో ఒక మనిషి పేరు వచ్చింది. పిన్ను కొట్టకుండా ఆగిపోయినాము. ఇట్లాంటి బొమ్మలు ఎంతోమంది చేతులు మారి వస్తాయి. నడిమధ్యలో ఎవరైనా చుక్కల బొమ్మ మార్చి పంపినా మనకు తెలియదు. పిన్ను కొట్టే ముందు వచ్చే పేరే మనకు గుర్తు. ఆఫీసులో అడిగితే అది మేనేజరు ఖాతా అన్నారు. అయినా నేను డబ్బు చేతికిచ్చి, సెంటరు ముద్ర, తేదీ, ఏ నెల ఫీజు అనేది వేయించి రసీదు తీసుకున్నాను. ఆధార్ జిరాక్సు మీద "కోచింగు అడ్మిషనుకు మాత్రమే" అని రాయించి సంతకం పెట్టించినాను. ఇట్లాంటి చోట్ల మోసం జరిగితే 1915కు ఫోను చేసి చెప్పుకోవచ్చు, రసీదు ఉంటేనే ఆ ఫోనుకు బలం.

చేరినంత మాత్రాన పరీక్షకు అప్లై చేసినట్టు కాదని కూడా గుర్తుపెట్టుకోండి. మా పక్కింటి అబ్బాయి సెంటరువాళ్ళే చూసుకుంటారని ఊరికే ఉండి ఒకసారి తేదీ పోగొట్టుకున్నాడు. నోటిఫికేషను వచ్చినాక rrbapply.gov.in లో మనమే నింపాల. ఆడపిల్లలకు పోయినసారి ఫీజు 250 రూపాయలు, కంప్యూటరు పరీక్ష రాస్తే బ్యాంకు ఖర్చు పోను అది ఖాతాలోకి వాపసు వస్తుంది. అందుకని ఖాతా నంబరు తప్పు లేకుండా వెయ్యాల. ఆ బొమ్మల్లో "పరీక్ష నాలుగు నెలల్లో" అని ఉండె గానీ నోటిఫికేషను నంబరు లేదు. అడిగితే, ఇంకా రాలేదు తాతా, వస్తుందని అంచనా అన్నారు. అదీ ఒక కారణమే, నెలనెలా కట్టడానికి.

పాప సోమవారం నుంచి పోతోంది. పొద్దున పూట వాళ్ళమ్మ ఫోనులో టైము పెట్టి పరుగెత్తిస్తోంది, మొదటి రోజు వెయ్యి మీటర్లకు ఏడు నిమిషాలు దాటింది. బరువుకు మా ఆవిడ బియ్యం సంచిలో ఇసుక నింపింది. కిరాణా అంగడిలో తూకం వేయిస్తే ఇరవై రెండు కేజీలు వచ్చింది. రెండు కేజీలు తీసేద్దామంటే పాప వద్దు, ఉండనీ అనింది.