బెంగ ఎవరి మీద?

బళ్ళు తెరిచిన కొత్తలో దుర్గి నుంచి మాచర్ల మీదుగా హాస్టళ్లకు పిల్లల్ని దిగబెట్టి వచ్చిన తల్లులు ఒకరినొకరు అడిగే మొదటి మాట, “మీవాడు బెంగ పెట్టుకోలేదు గదా?” అని. ఆ ప్రశ్న అర్థం కాని పల్నాటి మనిషి ఉండడు. అదే మాటను తెలుగు రానివాళ్లకు ఒక్క వాక్యంలో చెప్పమంటే మాత్రం చదువుకున్నవాళ్లూ తడుముకుంటారు. దిగులు, విచారం, చింత అని ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఊరుకుంటారు. అవి బెంగకు చుట్టాలే గానీ బెంగ కావు.

చాలామంది హోమ్‌సిక్‌నెస్ అనేసి చేతులు దులుపుకుంటారు. ఆ మాటకు మూలం స్విస్ ప్రాంతంలో ఉంది. 1688లో బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, ఊరు విడిచి వచ్చి చిక్కి శల్యమయ్యేవాళ్ల జబ్బు మీద సిద్ధాంతగ్రంథం రాశాడు. జనం హైమ్‌వే అనే ఆ జబ్బుకు గ్రీకు ముక్కలు అతికి నోస్టాల్జియా అని పేరు పెట్టాడు. ఇంగ్లీషు మాట కూడా ఆ హైమ్‌వే అచ్చులో పోసిందే. వీటన్నిటికీ ఇల్లో స్వదేశమో కేంద్రం. బెంగకు అలాంటి నియమం లేదు. తల్లి పురిటికో ఆసుపత్రికో వెళ్తే, సొంత ఇంట్లో అమ్మమ్మ ఒళ్లోనే ఉన్న పసివాడు బెంగ పెట్టుకుంటాడు. తల్లిని అమ్మేస్తే దూడ కూడా పెట్టుకుంటుంది.

కాబట్టి ఆ మాట ఏ విభక్తిని పట్టుకుని నడుస్తుందో ముందు చూడాలి. “అమ్మ మీద బెంగ”, “ఊరి మీద బెంగ” అన్నప్పుడు ‘మీద’ వస్తుంది. “పిల్ల పెళ్లి గురించి బెంగ” అంటే అది ఏమవుతుందోనన్న ఆందోళన, వేరే సంగతి. “నాకు బెంగగా ఉంది” అన్నది లోపలి మాట. “వాడు బెంగ పెట్టుకున్నాడు” అన్నది పైవాళ్లు చెప్పేది. ముద్ద దిగకపోవడం, మొహం పీక్కుపోవడం, ఒక్కోసారి జ్వరం తగలడం చూసి గానీ ఆ మాట అనరు.

పోలండ్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన భాషావేత్త అన్నా వీర్జ్‌బిట్స్‌కా చూపిన దారి ఇక్కడ పనికొస్తుంది. ఒక భావానికి ఇంకో భావం పేరు అర్థంగా చెప్పకుండా, తలచుకోవడం, కావాలనుకోవడం, చేయలేకపోవడం వంటి అన్ని భాషల్లోనూ ఉండే తేలిక మాటలతో ఆ స్థితిని వివరించమంటుంది. ఆ పద్ధతిలో రాస్తే ఇలా వస్తుంది: “అలవాటైన మనిషి గానీ చోటు గానీ కళ్లెదుట లేకపోతే, అక్కడే ఉండాలని మనసు అదేపనిగా కొట్టుకుని, తిండి సహించక, మళ్లీ చూసేదాకా తేరుకోలేకపోవడం బెంగ.” దేని మీద, మనసుకు ఏమి కావాలి, ఒంటికి ఏమవుతుంది, ఎప్పుడు తీరుతుంది అన్న నాలుగూ అందులో ఉన్నాయి.

వాక్యం సరైనదో కాదో పక్క మాటల మీద పెట్టి చూడాలి. పల్నాడు వచ్చి సన్నబియ్యం దొరక్క జొన్నకూటిని ఆడిపోసుకున్నాడని శ్రీనాథుడి పేరు మీద చాటువులు వాడుకలో ఉన్నాయి. దాన్ని మనం బెంగ అనం, వరి అన్నానికి మొహం వాచాడంటాం. అక్కడ కోరిక ఉంది, వెటకారం చేసే ఓపికా ఉంది. బెంగ పెట్టుకున్నవాడికి వెటకారం రాదు.

రెండో పరీక్ష గట్టిది. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. నాగార్జునకొండ లోయలోని బౌద్ధ కట్టడాలను కొన్నిటిని కొండ మీదికీ అనుపుకూ తరలించి మళ్లీ కట్టారు. పుల్లారెడ్డిగూడెం వంటి ఊళ్లకు ఆ యోగం లేదు, నీళ్ల కిందికి పోయాయి. ఆ ఊరి మీద మనసు ఉన్నవాళ్లకు ‘మళ్లీ చూసేదాకా’ అన్న గడువు లేదు. మన వాక్యం అక్కడ విరిగిపోతుంది. విరగడమే మంచిది, ఎందుకంటే అలాంటిదానికి తెలుగులో మనాది అని మరో మాట ఉంది. మనోవ్యాధి అరిగి మనాది అయింది. తీరే దారి లేక ఏళ్ల తరబడి మనిషిని లోపల తినేదాన్ని అలా అంటారు. హాస్టల్ పిల్లవాడిది బెంగ, ఆదివారం నాన్న వస్తే సగం తగ్గుతుంది. మనాదికి ఆదివారాలు లేవు.

మా పత్రికకు అనువాదాలు పంపేవారు బెంగకూ మనాదికీ ఒకే ఇంగ్లీషు మాట వేస్తున్నారు. కథలో ఆ మనిషికి తిరిగి వెళ్లే చోటు ఉందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. ఉంటే ఒక వాక్యం, లేకపోతే ఇంకో వాక్యం రాయండి. ఒక్క మాటలో ఇమడకపోతే రెండు వాక్యాలైనా ఫరవాలేదు, పేజీలో చోటు మేమిస్తాం.